చెంబు, గంగాళం: కుదురుగా కూర్చోలేని పిల్లల గురించి
(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి ఓ అరగంట మాట్లాడండి, మరీ పాఠంలా వద్దు" అన్నారు. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఆ మాట వినగానే ఉద్యోగాలు ఇప్పించే పని కాబోలు అని మా మేనమామ ఇప్పటికీ అనుకుంటాడు. తినడం, స్నానం చెయ్యడం, బట్టలు వేసుకోవడం, రాయడం, ఆడుకోవడం లాంటి రోజువారీ పనుల్లో ఇబ్బంది పడే వాళ్ళకి దారి చూపించడం మా పని. నేను చేసేది పిల్లలతో. ఈ సభలో ఉన్న వాళ్ళలో సగం మంది టీచర్లు, మిగతా సగం అమ్మలు, నాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు. కాబట్టి మీ అందరికీ ఎదురయ్యే ఒకే విషయం తీసుకున్నాను. మిక్సీ వేస్తే చెవులు మూసుకుని అరిచే పిల్లవాడు, చొక్కా కాలరు నమిలి నమిలి చిల్లులు పెట్టే పిల్లవాడు, బెంచీ మీద రెండు నిమిషాలు కూర్చోలేని పిల్లవాడు. తరచుగా ఈ ముగ్గురూ ఒక్కడే.

మనకి ఐదు ఇంద్రియాలని చిన్నప్పుడు చదువుకున్నాం. మా వృత్తిలో ఇంకో మూడు కలుపుతాం. లోపలి చెవిలో ఉండి కదలికనీ, ఒరుగునీ చెప్పేది ఒకటి. కండరాలు, కీళ్ళ నుంచి వచ్చి, కళ్ళు మూసుకున్నా చెయ్యి ఎక్కడుందో, ఎంత బలంగా పట్టుకున్నామో చెప్పేది రెండోది. ఆకలి, దాహం, మూత్రం వస్తున్న సంగతి చెప్పేది మూడోది. ఈ ఎనిమిది దారుల నుంచీ వచ్చే కబుర్లని మెదడు వడపోసి, అవసరమైనవి ఉంచుకుని తక్కినవి పక్కన పెడుతుంది. ఇప్పుడు మీ నడుము దగ్గర బెల్టో, చీర కుచ్చిళ్ళో ఒత్తుకుంటున్నాయి. నేను చెప్పేదాకా ఆ సంగతి మీకు తెలియలేదు. ఆ వడపోత అందరిలో ఒకే తీరున ఉండదు. 1960ల్లో, 70ల్లో కాలిఫోర్నియాలో జీన్ ఎయిర్స్ అనే థెరపిస్టు చదువులో వెనకబడ్డ పిల్లలతో పనిచేస్తూ ఈ సంగతిని మొదట ఒక సిద్ధాంతంగా చెప్పారు.

దాన్ని నేను తల్లిదండ్రులకు ఇలా చెబుతాను. శబ్దం, స్పర్శ, కదలిక ఒక్కోదానికీ మన లోపల ఒక్కో పాత్ర ఉందనుకోండి. కొందరికి అది చిన్న చెంబు. నాలుగు చుక్కలు పడగానే నిండి పొంగిపోతుంది. కొందరికి అది గంగాళం. బిందెడు పోసినా అడుగు తడవదు. చెంబు ఉన్న పిల్లవాడు పారిపోతాడు, చెవులు మూసుకుంటాడు, కొడతాడు. గంగాళం ఉన్న పిల్లవాడు రెండు రకాలు. ఒకడు ఇంకా పొయ్యండి, ఇంకా పొయ్యండి అని పరిగెత్తుతాడు, గెంతుతాడు, నములుతాడు. ఇంకొకడు మూడుసార్లు పిలిచినా పలక్కుండా కూర్చుంటాడు. అసలు చిక్కు ఏమిటంటే, ఒకే పిల్లవాడికి శబ్దం దగ్గర చెంబు, కదలిక దగ్గర గంగాళం ఉండొచ్చు. అందుకే, వాడు అంత గోల చేస్తాడు కదా, మిక్సీ గోల వాడికెందుకు పడదు అని అమ్మకి అనుమానం వస్తుంది. తను చేసే గోల ఎప్పుడు మొదలవుతుందో, ఎప్పుడు ఆగుతుందో వాడికి తెలుసు. మిక్సీ గోల సంగతి తెలియదు.

ఇక ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా ఇద్దరు ముగ్గురు పిల్లల వివరాలు కలిపి చెబుతున్నాను. పేరు వంశీ అనుకుందాం. ఏడేళ్ళు, రెండో తరగతి. ఇంట్లో అమ్మ, నాన్న, నాన్నమ్మ. బడి వాళ్ళు డైరీలో మూడోసారి రాసి పంపారు. పిల్లవాడు పక్కవాళ్ళ మీద పడుతున్నాడు, ప్రార్థనలో చెవులు మూసుకుంటున్నాడు, వచ్చే సంవత్సరం వేరే బడి చూసుకోండి అని. పక్కింటావిడ ఆటిజం అన్నారు. బడిలో ఏడీహెచ్‌డీ అన్నారు. నాన్న గారాబం అన్నారు. నాన్నమ్మ దిష్టి తీశారు. నా దగ్గరికి వచ్చేటప్పటికి ఆ తల్లి చేతిలో నాలుగు పేర్లు ఉన్నాయి, చెయ్యడానికి పని మాత్రం ఒక్కటీ లేదు.

నేను మొదట అడిగింది రెండు పరీక్షలు. వినికిడి పరీక్ష ఒకటి. పిలిస్తే పలకని పిల్లవాడికి చెవి పరీక్ష చేయించకుండా ఏ పేరూ పెట్టకూడదు. కర్ణభేరి వెనక నీరు చేరితే వినికిడి ఒక రోజు బాగుంటుంది, ఇంకో రోజు తగ్గుతుంది. చూసేవాళ్ళకి అది అచ్చం పరధ్యానంలాగే కనిపిస్తుంది. రెండోది రక్త పరీక్ష. బలపాలు, సుద్దముక్కలు, గోడ సున్నం తినే పిల్లల్లో ఐరన్ లోపం ఉందేమో చూడాలి. అది నోటికి కావలసిన అనుభూతి కోసమే చేస్తున్నాడని మనం తీర్మానించి, నమలడానికి రబ్బరు బొమ్మ కొనిచ్చి కూర్చుంటే అసలు జబ్బు అలాగే ఉండిపోతుంది. వంశీకి చెవులు బాగున్నాయి. రక్తం కొంచెం తక్కువగా ఉంటే డాక్టరు గారు మందు రాశారు.

తర్వాత ఒక రెండు వారాలపాటు ఏమీ మార్చవద్దని, ఒక నోట్‌బుక్కులో మాత్రం రాయమని చెప్పాను. ఎన్ని గంటలకు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, దేనితో సర్దుకున్నాడు, అంతే. "అల్లరి చేశాడు" అని రాయవద్దన్నాను. "7:10, వంటగది పక్కన, మిక్సీ ఆన్ చేశాను, బ్యాగు విసిరాడు, మంచం కింద దూరి పది నిమిషాలకు వచ్చాడు" అని రాయాలి. మొదటి నాలుగు రోజులు ఆవిడ కోపంగా రాశారు, అక్షరాల్లోనే తెలిసింది. తర్వాత రాత మారింది. రెండు వారాలయ్యాక ఆ పేజీలు నా ముందు పెట్టి, నేను నోరు తెరవకముందే "అన్నీ పొద్దున్నేనండీ" అన్నారు.

నిజమే. ఉదయం 7 నుంచి బడి ఆటో వచ్చే 8:15 దాకా వరసగా ఉన్నాయి. పచ్చడికి మిక్సీ, కుక్కర్ విజిల్, హడావుడిగా తల దువ్వడం, గంజి పెట్టిన చొక్కా, సాక్సు వేళ్ళ దగ్గర కుట్టు, ఆపైన పది మంది పిల్లలున్న ఆటో. బడికి చేరేసరికే చెంబు అంచుల దాకా నిండి ఉంది. ప్రార్థనలో మైకు కీచుమనగానే పొంగింది. మళ్ళీ సాయంత్రం హోంవర్కు వేళ గొడవలు. ఆదివారాలు దాదాపు ఖాళీ. ఆదివారం ఆ ఇంట్లో పచ్చడి లేదు, యూనిఫాం లేదు, ఆటో లేదు.

దీన్నిబట్టి ఇంట్లో మార్పులు మొదలుపెట్టాం. వారానికి ఒక్కటే. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఇల్లాలు కూడా నెల తిరక్కుండా విసిగిపోతుంది.

మొదటి వారం మిక్సీ. పచ్చడి రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టారు. తప్పనప్పుడు మిక్సీ కింద మడిచిన తువ్వాలు వేసి, వంటగది తలుపు మూసి, "వేస్తున్నా, ఇరవై లెక్కపెట్టు" అని చెప్పి, ఇరవైకి ఖచ్చితంగా ఆపారు. వారం చివర వాడి చేతే స్విచ్ వేయించారు. స్విచ్ తన చేతిలో ఉన్నప్పుడు శబ్దం అంతే ఉన్నా భయం తగ్గుతుంది. చెవులు పూర్తిగా మూసే ఇయర్‌మఫ్‌లు దొరుకుతాయి. పెళ్ళి బ్యాండు, వినాయక నిమజ్జనం, దీపావళి లాంటి వాటికి అవి మంచివే. కానీ కొందరు పొద్దుటి నుంచి రాత్రి దాకా పెట్టి ఉంచుతారు. అలా చేస్తే మామూలు శబ్దాలు కూడా భరించలేని స్థితికి చెవి అలవాటు పడుతుంది. అవసరమైన పది నిమిషాలకే వాడాలి.

రెండో వారం బట్టలు. గంజి మానేశారు. కొత్త చొక్కా నాలుగైదు ఉతుకులు పడ్డాకే వేశారు. మెడ దగ్గర లేబుల్ కత్తిరించడమే కాదు, దాన్ని పట్టి ఉంచిన కుట్టు దారం కూడా తీసేశారు. సగం కత్తిరించిన లేబుల్ అసలు లేబుల్ కంటే ఎక్కువ గుచ్చుతుంది. బనియను, సాక్సు తిరగేసి వేశారు, కుట్లు బయటికి వచ్చేలా. నాన్నమ్మకి ఇది నచ్చలేదు, "చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అన్నారు. చొక్కా లోపల బనియను ఎవరు చూస్తారని మనవడే అడిగాడట.

స్నానం విషయంలో చాలామందికి తెలియనిది ఒకటి చెప్పాలి. స్పర్శ పడని పిల్లలకి సుతారంగా తాకితే ఇంకా చిరాకు. చీమ పాకినట్టు ఉంటుంది. గట్టిగా, నిదానంగా, అరచేతితో ఒత్తితే హాయి. అందుకని తలంటు మానక్కర్లేదు, వేళ్ళ కొసలతో గబగబా రుద్దడం మాని అరచేతులతో నొక్కుతూ నూనె పెట్టాలి. మగ్గుతో నీళ్ళు వాడినే పోసుకోనివ్వాలి. తువ్వాలుతో రుద్దకుండా చుట్టి అదమాలి. గోళ్ళు స్నానం అయ్యాక మెత్తబడ్డప్పుడు తియ్యాలి, తీసేముందు ఒక్కో వేలినీ కాస్త గట్టిగా నొక్కాలి. క్షౌరానికి ఆదివారం కాకుండా మంగలి షాపు ఖాళీగా ఉండే రోజు చూసుకుని, మిషను వద్దని కత్తెర అడగాలి.

మూడో వారం నుంచి గంగాళం సంగతి చూశాం. కదలిక, బరువు కావాలని వాడి ఒళ్ళు అడుగుతోంది. మనం ఇవ్వకపోతే పక్కవాడి మీద పడి తీసుకుంటోంది. దీనికి మేము బరువు పనులు ఇస్తాం. కండరాలు గట్టిగా లాగేవి, తోసేవి, మోసేవి. వంశీ వాళ్ళింట్లో పొద్దున లేవగానే పరుపు మడిచి లాగి మూల పెట్టడం, రెండు లీటర్ల నీళ్ళ సీసాలు రెండు చేతులా మోసి మొక్కలకు పొయ్యడం, సాయంత్రం చపాతీ పిండి పిసకడం, కూరగాయల సంచి మేడ మీదికి మొయ్యడం పెట్టుకున్నారు. ఒక్కోటీ ఐదు నుంచి పది నిమిషాలు, కూర్చునే పనికి ముందు. హోంవర్కు మధ్యలో గోడని రెండు చేతులతో పది లెక్కపెట్టేదాకా తోయడం. కాలరు నమలడానికి బదులు జంతికలు, క్యారెట్టు, ఎండుకొబ్బరి ముక్క. ఇంకా చిన్న పిల్లలకి ఇలాంటి గట్టివి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి.

ఉయ్యాల గురించి ఒక జాగ్రత్త. ముందుకూ వెనక్కూ నిదానంగా ఊగితే చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు. గుండ్రంగా తిప్పితే రెచ్చిపోతారు. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, ఆవులింతలు వచ్చినా అక్కడే ఆపెయ్యాలి. ఊగిన వెంటనే బాగుంది కదా అనుకుంటాం, గంట తర్వాత వాంతులు చేసుకునే పిల్లలు ఉన్నారు.

ఆరు వారాలకి ఉదయాలు సర్దుకున్నాయి. గొడవలు వారానికి ఒకటి రెండుకు వచ్చాయి. చెవులు మూసుకోవడం ప్రార్థన మైకు దగ్గర తప్ప ఎక్కడా లేదు. క్లాసు టీచరు మంచి మనిషి, మైకు నుంచి దూరంగా చివరి వరసలో నిలబెట్టారు. అప్పుడు ఆ తల్లి అడిగారు, "అయితే ఏడీహెచ్‌డీ కాదన్నమాటేగా?" అని.

ఈ ప్రశ్న కోసమే ఇంత చెప్పుకొచ్చాను. బయటికి కనిపించే ప్రవర్తన ఒకటే అయినా లోపల కారణాలు వేరు, రెండు మూడు కారణాలు ఒకేచోట కూడా ఉండొచ్చు. ఇంద్రియాల తేడా అనేది విడిగా ఒక జబ్బుగా వైద్యుల ప్రామాణిక పుస్తకాల్లో లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే దాన్ని విడి జబ్బుగా రాయవద్దని, ముందు ఆటిజం, ఏడీహెచ్‌డీ, ఎదుగుదల సమస్యలు, ఆందోళన ఉన్నాయేమో చూడమని డాక్టర్లకి చెప్పింది. మరోపక్క 2013లో వచ్చిన మానసిక వైద్యుల వర్గీకరణలో శబ్దం, స్పర్శ వంటి వాటికి అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని ఆటిజం లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ ఒకే పిల్లవాడికి ఉండవచ్చని ఒప్పుకున్నది కూడా ఆ వర్గీకరణలోనే. అంతకుముందు ఒకటి రాస్తే రెండోది రాయకూడదనే నియమం ఉండేది.

ఇంట్లో మీరు తేల్చలేరు గానీ, గమనించడానికి ఒక మార్గం ఉంది. భారం తీసేసి చూడండి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, మెత్తటి బట్టల్లో, కడుపు నిండి, నిద్ర చాలి, బరువు పని అయ్యాక కూర్చోబెడితే పిల్లవాడు పనిలో పడుతున్నాడా? పడితే, అంతకుముందు కనిపించిన పరధ్యానంలో పెద్ద భాగం ఇంద్రియాలదే. అప్పటికీ పెన్సిలు మూడుసార్లు కింద పడేసి, చెప్పిన రెండు మాటల్లో రెండోది మరిచిపోయి, సగం లెక్క చేసి కిటికీలోకి చూస్తుంటే, ఇంట్లోనూ బడిలోనూ అలాగే ఉంటే, ఏకాగ్రత పరీక్ష చేయించాలి. ఆటిజం విషయంలో చూడాల్సింది శబ్దాలు కాదు, మనుషులు. ప్రశాంతంగా ఉన్నప్పుడు, ఇష్టమైన ఒక్క స్నేహితుడితో ఉన్నప్పుడు, ఆట అటూ ఇటూ నడుస్తోందా? చిన్నప్పుడు ఆకాశంలో విమానం చూపించి మన ముఖం వైపు చూసేవాడా? "ఇదిగో చూడు" అని తెచ్చి చూపించేవాడా? ఇవి మొదటి నుంచీ తక్కువగా ఉంటే, చెవులు మూసుకున్నా మూసుకోకపోయినా ఆటిజం పరీక్ష అవసరం.

వంశీ విషయంలో ఆట నడిచేది. వాళ్ళ మేనత్త కొడుకుతో గంటల తరబడి దొంగా పోలీసు ఆడతాడు, మోసం చేస్తే నవ్వుతాడు, నాన్నమ్మ అలిగితే బతిమాలతాడు. కానీ ప్రశాంతమైన గదిలో కూడా హోంవర్కు ముందుకు సాగలేదు. పిల్లల ఎదుగుదల వైద్యుల దగ్గరికి పంపాను. టీచరు చేతా, తల్లిదండ్రుల చేతా ప్రశ్నావళులు నింపించి, పిల్లవాడిని చూసి, ఏడీహెచ్‌డీ ఉందని, ఆటిజం లేదని చెప్పారు. అంటే బడి వాళ్ళు పెట్టిన పేరు సగం నిజం. ఆ పేరొక్కటే పట్టుకుని మొదలుపెట్టి ఉంటే గంజి చొక్కా అలాగే ఉండేది. చొక్కా మార్చి అంతటితో ఆగి ఉంటే చదువు అలాగే ఉండేది. ఇప్పుడు హోంవర్కు పది నిమిషాల చొప్పున మూడు ముక్కలు, కాళ్ళు వేలాడకుండా కింద పీట, ఒకసారికి ఒకే మాట. మందు అవసరమా అన్నది డాక్టరు గారు ఆరునెలలకోసారి చూస్తున్నారు. అదే బడిలో మూడో తరగతి చదువుతున్నాడు.

తిండి గురించి చాలామంది అడుగుతారు కాబట్టి కొంచెం. పప్పూ అన్నం కలిపితే వాంతి వచ్చే పిల్లవాడు అన్నం విడిగా, పప్పు గిన్నెలో విడిగా పెడితే తింటాడు. మెత్తటిదీ గట్టిదీ ఒకే ముద్దలో రావడం వాడి బాధ. కొత్త కూర ఒక చెంచాడు కంచం అంచున పెట్టి ఊరుకోవాలి. తాకినా చాలు, వాసన చూసినా చాలు. ముక్కు మూసి మింగిస్తే ఆ రోజు గెలుస్తారు, ఏడాది ఓడిపోతారు. తినే పదార్థాలు లెక్కపెట్టి చూసుకోండి. ఉన్నవే ఒక్కొక్కటిగా తగ్గిపోతుంటే, బరువు పెరగకపోతే అది ఇంట్లో సర్దుకునే విషయం కాదు.

మొండితనానికీ పొంగిపోవడానికీ తేడా ఏమిటని ఒక మేష్టారు నిన్న కాఫీ దగ్గర అడిగారు. మొండిచేసే పిల్లవాడు మధ్యలో మనం చూస్తున్నామో లేదో చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. చెంబు పొంగిన వాడు ఇచ్చినా ఆపలేడు. అప్పుడు మాటలు తగ్గించండి. లైటు, ఫ్యాను, టీవీ, చుట్టూ ఉన్న జనం తగ్గించండి. ఎందుకు చేశావని అడగవద్దు, అప్పుడు వాడి దగ్గర జవాబు ఉండదు.

ఇక అమ్మకానికి వస్తున్న వాటి గురించి. బరువు దుప్పట్లతో ఆటిజం పిల్లలకి నిద్ర పడుతుందేమోనని ఇంగ్లండులో పరీక్షించి 2014లో ప్రచురించారు. నిద్ర పెరగలేదు. చాలామంది పిల్లలకి ఆ దుప్పటి నచ్చింది, అంతే. సొంతంగా తొలగించుకోలేని చిన్నపిల్లలకి, ఊపిరి సమస్య ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. సెన్సరీ థెరపీ పిల్లలకి పనికొస్తుంది, కానీ గమ్యం చెప్పాలి. "మూడు నెలల్లో ఏం మారుతుంది, ఎలా కొలుస్తారు?" అని అడగండి. చొక్కా తనంతట తాను వేసుకుంటాడు, పదిహేను నిమిషాలు కూర్చుని తింటాడు అని చెప్పేవాళ్ళ దగ్గర చేరండి. ఆటిజం నయం చేస్తామనేవాళ్ళ దగ్గర డబ్బు కట్టకండి.

డబ్బు లేనివాళ్ళు ఏం చెయ్యాలని అడిగారు. కేంద్ర ప్రభుత్వ బాల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. అక్కడ పరీక్షలకీ థెరపీకీ రుసుము లేదు. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉంది. వెళ్ళేటప్పుడు ఆ రెండు వారాల నోట్‌బుక్కు తీసుకెళ్ళండి. అరగంటలో మీరు నోటితో చెప్పలేనిది అందులో ఉంటుంది.

మన టీచర్లకి ఒక్క మనవి. అల్లరి చేశాడని ఆటల పీరియడుకి పంపకుండా కూర్చోబెట్టడం కుదురులేని పిల్లవాడి విషయంలో సరిగ్గా తలకిందులు. వాడికి ఆ పీరియడే మందు. నోటు పుస్తకాల కట్ట స్టాఫ్ రూముకి మోయించండి, బోర్డు తుడిపించండి, మంచినీళ్ళ కూజా తెప్పించండి. "ఒకడికే ఇస్తే మిగతావాళ్ళు అడగరా?" అని మన లెక్కల మేడమ్ గారు ఇందాకే అన్నారు. అడుగుతారు. వంశీ క్లాసులోనూ అడిగారు. ఆ టీచరు వంతులు వేసి అందరికీ ఇచ్చి, వంశీకి మాత్రం లెక్కల పీరియడుకి ముందు వచ్చేలా చూసుకున్నారు.